ఈ కొవ్వొత్తి నిజంగా ఎన్ని గంటలు వెలుగుతుంది?

“చేతితో చేసిన ప్రీమియం సోయా కొవ్వొత్తి. 200 మి.లీ. గాజు జార్. 40 గంటలు వెలుగుతుంది. మల్లెల ఘుమఘుమ. రసాయనాలు లేవు.” ఇంట్లో కొవ్వొత్తులు చేసి ఆన్‌లైన్లోనో ఎగ్జిబిషన్లోనో అమ్మేవాళ్లు తమ సరుకు గురించి ఇంచుమించు ఇలాగే రాస్తారు. ఇందులో కొనేవాళ్లకు పనికొచ్చే సంగతి ఒక్కటి కూడా సరిగ్గా లేదు. ఎన్ని గ్రాముల మైనం ఉందో లేదు. నలభై గంటలు ఎలా లెక్కించారో లేదు. ఘుమఘుమ ఎంత గదికి సరిపోతుందో లేదు. ఎలా వెలిగించాలో అసలే లేదు. రాసేవాళ్ల ఉద్దేశం మోసం చేయడం కాదు. చాలామంది ముడిసరుకు అమ్మే దుకాణం చెప్పిన మాటనో, పక్కవాళ్ల జార్ మీద చూసిన అంకెనో నమ్మి రాసేస్తారు. వంటింటి త్రాసు ఒకటి ఉంటే ఈ వివరాలన్నీ ఎవరికి వాళ్లే తేల్చుకోవచ్చు.

ముందు గంటల సంగతి చూద్దాం. కొనేవాళ్లు ధరను పోల్చుకునేది ఆ అంకెతోనే.

పైన చెప్పిన జార్‌నే తీసుకుందాం. 200 మిల్లీలీటర్లన్నది గాజు పట్టే చోటు, మైనం బరువు కాదు. పైన కాస్త ఖాళీ వదిలి పోస్తారు కాబట్టి లోపల ఉండేది 180 మిల్లీలీటర్లు అనుకుందాం. మైనం నీటికన్నా తేలిక, కాబట్టి ఆ చోటులో పట్టేది సుమారు 160 గ్రాములు. చాలామంది “200” చూసి 200 గ్రాములనుకుంటారు. అక్కడే 40 గ్రాముల తేడా వచ్చేసింది.

ఇప్పుడు కొవ్వొత్తిని గాజుతో సహా త్రాసు మీద పెట్టి బరువు రాసుకోవాలి. 410 గ్రాములు వచ్చిందనుకుందాం. వత్తిని 5 మిల్లీమీటర్ల ఎత్తుకు కత్తిరించి, గాలి కొట్టని చోట నాలుగు గంటలు వెలిగించి, ఆర్పి, చల్లారాక మళ్లీ తూచాలి. 388 గ్రాములు ఉంది. అంటే నాలుగు గంటల్లో 22 గ్రాములు, గంటకు ఐదున్నర గ్రాములు కాలింది. 160ని ఐదున్నరతో భాగిస్తే 29 గంటలు వస్తుంది. నలభై ఎక్కడా రాలేదు.

ఆ 29 కూడా పూర్తి నిజం కాదు. జార్ అడుగున ఒక సెంటీమీటరు మైనం మిగిలి ఉండగానే ఆర్పేయాలి. అంతకన్నా కిందికి పోతే మంట వేడి నేరుగా గాజు అడుగుకు తగిలి పగిలే ప్రమాదం ఉంది. లోపలి వెడల్పు ఆరున్నర సెంటీమీటర్లున్న జార్లో ఆ ఒక సెంటీమీటరు మైనమే దాదాపు 30 గ్రాములు తూగుతుంది. కాబట్టి నిజంగా వాడుకోగలిగేది 130 గ్రాములు, సుమారు 23 గంటలు. రాయాల్సిన అంకె అదే. పక్కవాళ్ల జార్ మీద నలభై కనిపిస్తుంటే ఇరవై మూడని రాయడానికి మనసొప్పదు, నిజమే. కానీ కొన్నవాళ్లు రోజుకు రెండు మూడు గంటల చొప్పున వెలిగిస్తారు, వారంన్నర తిరిగేసరికి తేడా తెలిసిపోతుంది.

ఒక్కసారి తూచి వదిలేయకూడదు. జార్ నిండుగా ఉన్నప్పుడు, సగమైనప్పుడు, అడుగుకు దగ్గరపడ్డప్పుడు కాలే వేగం ఒకేలా ఉండదు. మూడు దశల్లోనూ తూచి సగటు తీయాలి. వత్తి మందం మార్చినా, పరిమళ తైలం మార్చినా లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. సన్నని వత్తి పెడితే గంటలు పెరిగినట్టు కనిపిస్తాయి గాని మైనం అంచుదాకా కరగదు. వత్తి చుట్టూ గొయ్యి పడుతుంది, గోడలకు మైనం అంటుకుని మిగిలిపోతుంది. మిగిలిన మైనాన్ని కూడా లెక్కలో వేసుకుని గంటలు చెప్పడం కొనేవాళ్లకు అన్యాయం.

గొయ్యి పడటంలో కొనేవాళ్ల చేతిలో ఉన్నదీ కొంత ఉంది. మొదటిసారి వెలిగించినప్పుడు పై మైనమంతా అంచుదాకా కరిగేవరకు ఆర్పకూడదు. ఈ జార్‌కు అది రెండున్నర మూడు గంటల పని. అరగంటకే ఆర్పేస్తే ఆ తర్వాత కూడా మంట ఆ చిన్న వలయంలోనే కరిగిస్తూ కిందికి దిగుతుంది. ఈ ముక్క వివరణలో మొదటి వరుసలోనే ఉండాలి.

ఇక మైనం. “సోయా” అని రాసిన చాలా కొవ్వొత్తుల్లో ఉండేది సోయా మిశ్రమం. సోయాబీన్ నూనెను గట్టిపరిచి చేసిన మైనానికి పెట్రోలియం నుంచి వచ్చే పారఫిన్ కొంత కలుపుతారు. కలపడంలో తప్పేమీ లేదు. పారఫిన్ వాసనను బాగా వదులుతుంది, ఎండకు కాస్త నిలబడుతుంది. కలిపి కూడా ఉత్త “సోయా” అని రాయడమే తప్పు. నూరుపాళ్లు సోయా అయితే గోటితో నొక్కితే మెత్తగా దిగుతుంది, పైన ఉప్పు పూసినట్టు తెల్లని మచ్చలు వస్తాయి. మిశ్రమాన్ని మాత్రం కంటితో పోల్చడం కష్టం. అందుకే ఈ విషయంలో కొనేవాళ్లకు అమ్మేవాళ్ల మాట తప్ప వేరే ఆధారం లేదు. తెల్ల మచ్చలు సోయా మైనం గుణమని, పాడైన సరుకు కాదని కూడా రాస్తే తర్వాత వచ్చే ఫిర్యాదులు తగ్గుతాయి.

సోయా పొగ రాదనీ, పారఫిన్ విషమనీ రాసేవాళ్లున్నారు. వత్తి పొడవు పెరిగినా, మంటకు గాలి కొట్టినా ఏ మైనమైనా మసి వదులుతుంది. జార్ అంచు నల్లబడితే ముందు చూడాల్సింది వత్తిని. తేనెమైనం మాటకొస్తే, దానికి తనదైన తేనె వాసన ఉంటుంది, వేరే పరిమళం అంతగా పైకి రాదు. ధర కూడా ఎక్కువే.

మన ప్రాంతంలో మైనం రకం చెప్పడానికి మరో గట్టి కారణం ఎండ. జార్లలో పోసే సోయా మైనం చాలావరకు 45 నుంచి 50 డిగ్రీల మధ్య కరుగుతుంది. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో బయటి ఎండే 45 దాకా పోతుంది, మూసి ఉన్న పార్సిల్ బండిలో ఇంకా ఎక్కువ. జార్ ఒరిగి ఉంటే మైనం ఒక పక్కకు జారి, వత్తి పక్కకు వాలి చేరుతుంది. తేనెమైనం 62 డిగ్రీలు దాటితే గాని కరగదు, దానికి ఈ బెడద లేదు. సోయా అమ్మేవాళ్లు ఏప్రిల్, మే నెలల్లో పంపే సరుకు మెత్తబడవచ్చని ముందే చెప్పాలి. మెత్తబడి వచ్చిన జార్‌ను నిలువుగా పెట్టి నీడలో గట్టిపడనిచ్చి, వత్తి నడిమధ్యలో ఉందో లేదో చూసుకున్నాకే వెలిగించాలి. వత్తి గాజుకు దగ్గరగా వాలిపోయి ఉంటే వెలిగించకుండా తిప్పి పంపడమే మేలు.

వాసన ఎంత ఉందో చెప్పడం అన్నిటికన్నా కష్టం. రోజంతా ఆ తైలాల మధ్య పనిచేసే మనిషి ముక్కుకు ఆ వాసన అలవాటైపోతుంది. తనకు చాలడం లేదనిపించి ఇంకాస్త పోస్తుంటారు. మన జార్లో 148 గ్రాముల మైనానికి 12 గ్రాముల తైలం, అంటే సుమారు 8 శాతం ఉందనుకుందాం. సోయా మైనం మామూలుగా 10 శాతం దాకానే పట్టుకోగలదు. అది దాటితే తైలం చెమట పట్టినట్టు పైకి తేలుతుంది, వత్తిని మూసేస్తుంది, ఒక్కోసారి తైలానికే మంట అంటుకుంటుంది. కాబట్టి శాతం ఎక్కువుంటే వాసన ఎక్కువన్న లెక్క పనిచేయదు. పోసిన తర్వాత వారం పది రోజులు మూతపెట్టి ఉంచితే సోయా కొవ్వొత్తి వాసన బాగా వదులుతుంది.

శాతానికి బదులు, ఎక్కడిదాకా వాసన వస్తుందో చెప్పడం మేలు. పది అడుగులు పన్నెండు అడుగుల గదిలో తలుపులు మూసి, ఫ్యాను ఆపి, గంటసేపు వెలిగించాలి. బయట ఉన్న మనిషిని పిలిచి అడగాలి. కొవ్వొత్తి దగ్గర కూర్చుంటేనే తెలిస్తే తేలిక. తలుపు తీయగానే తెలిస్తే మధ్యస్థం. పక్క గదిలోకి కూడా వస్తే ఘాటు. ఏ గదిలో చూశారో కూడా రాయాలి. హాలూ వంటగదీ కలిసిపోయిన ఫ్లాట్లో ఈ మధ్యస్థమే తేలికైపోతుంది. వెలిగించకుండా మూత తీసి చూసిన వాసన లెక్కలోకి రాదు. అది ఘుమఘుమలాడుతూ వెలిగించాక ఏమీ లేని జార్లు ఎన్నో ఉన్నాయి.

“రసాయనాలు లేవు” అన్న మాట తీసేయడమే మంచిది. అసలు మల్లె తైలం చాలా ఖరీదు. నాలుగైదు వందల రూపాయల కొవ్వొత్తిలో 12 గ్రాములు పోయడం ఎవరి వల్లా కాదు. అందులో ఉండేది ప్రయోగశాలలో కూర్చిన మల్లె పరిమళం. ఆ మాటే రాస్తే, సువాసనలు పడని ఉబ్బసం మనిషి, పసిపిల్లలున్న ఇల్లు ముందే ఆలోచించుకుంటారు.

జాగ్రత్తల్లో “పిల్లలకు దూరంగా ఉంచండి” అని రాసి ఊరుకుంటే సరిపోదు. మన ఇళ్లలో పెద్ద ఇబ్బంది సీలింగ్ ఫ్యాను. దాని గాలికి మంట ఒక పక్కకు వాలి గాజు ఆ వైపే కాలుతుంది, మసి పడుతుంది, జార్ బీట తీయవచ్చు. ఫ్యాను కింద వెలిగించవద్దని స్పష్టంగా రాయాలి. ప్రతిసారీ వెలిగించే ముందు వత్తిని 5 మిల్లీమీటర్లకు కత్తిరించాలి, గోళ్లు తీసే కట్టరు చాలు. నాలుగు గంటలు దాటనివ్వకూడదు. మూత పెట్టి ఆర్పాలి. నీళ్లు మాత్రం పోయకూడదు, వేడి మైనంలో నీరు ఒక్కసారిగా ఆవిరై మంటను, మైనాన్ని పైకి చిమ్ముతుంది. మైనం గట్టిపడేదాకా జార్‌ను కదపకూడదు. రాత్రి కరెంటు పోయిందని వెలిగించి నిద్రపోకూడదు. లడ్డూల్లా, ఐస్‌క్రీముల్లా చేసే కొవ్వొత్తులకైతే “తినేది కాదు” అన్న మాట పెద్ద అక్షరాల్లో ఉండాలి.

మన జార్‌కు ఇప్పుడు వివరణ రాస్తే ఇలా వస్తుంది: “మల్లె వాసన కొవ్వొత్తి. నికర బరువు 160 గ్రాములు. సోయా 80 పాళ్లు, పారఫిన్ 20 పాళ్లు. నూలు వత్తి. కూర్చిన పరిమళ తైలం 8 శాతం. సుమారు 23 గంటలు వెలుగుతుంది, అడుగున ఒక సెంటీమీటరు మిగిలాక ఆపేయాలి. వాసన మధ్యస్థం: మూసిన 10×12 అడుగుల పడకగదిలో చూశాం. మొదటిసారి మూడు గంటలు వెలగనివ్వండి. ఆ తర్వాత ఎప్పుడూ నాలుగు గంటలు దాటనివ్వకండి. ఫ్యాను కింద, తెరల దగ్గర వద్దు. నీళ్లతో ఆర్పకండి.”

నికర బరువు రాయడం అమ్మేవాళ్ల ఇష్టానికి వదిలేసిన విషయం కాదు. ప్యాక్ చేసిన సరుకుల మీద నికర పరిమాణం, తయారీదారు పేరు, చిరునామా, పన్నులన్నీ కలిపిన గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదుకు ఎవరిని సంప్రదించాలో తెలపాలని 2011 నాటి లీగల్ మెట్రాలజీ నిబంధనలు చెబుతున్నాయి. ఆన్‌లైన్లో అమ్మే సరుకుకు ఈ వివరాలు తెర మీదే కనిపించాలి. వీటికి తోడు ఏ తేదీన పోశారో, ఏ విడతలో పోశారో జార్ అడుగున చిన్న చీటీ మీద రాసి అంటిస్తే, ఒక జార్ పగిలిందని ఫోను వచ్చిన రోజున అదే విడతలోవి ఇంకెవరెవరికి వెళ్లాయో చూసి వాళ్లకూ చెప్పడం వీలవుతుంది.