బస్సా, కారా? తేల్చేది తేడాయే

ఉదయం ఆఫీసుకు వెళ్లే ఒక ఉద్యోగిని ఊహించుకుందాం. బస్సులో వెళ్తే 50 నిమిషాలు పడుతుంది, టికెట్టు 20 రూపాయలు. కారులో అయితే 30 నిమిషాలే. కానీ పెట్రోలు, పార్కింగు కలిపి 120 రూపాయలవుతాయి. ఇలాంటివారు వంద మంది ఉంటే ఎందరు బస్సెక్కుతారు? రవాణా ఇంజనీర్లు ఈ ప్రశ్నకు బైనరీ లాజిట్ నమూనాతో జవాబు వెతుకుతారు.

ముందుగా ఒక్కో వాహనానికి ‘ప్రయోజన విలువ’ కడతారు. ఉదాహరణకు ప్రతి నిమిషానికి 0.04, ప్రతి రూపాయికి 0.02 తగ్గించాలనుకుందాం. అప్పుడు బస్సు విలువ −2.0, −0.4 కలిపి −2.4. కారు విలువ −1.2, −2.4 కలిపి −3.6. అయితే కారులో సౌకర్యం, ఇంటి ముందే ఎక్కే వీలు కాలంలోనూ ఖర్చులోనూ కనిపించవు. వాటికోసం 1.6 స్థిరాంకం కలిపితే కారు విలువ −2.0 అవుతుంది. నిజమైన అధ్యయనంలో ఈ గుణకాలన్నీ ప్రయాణికుల సర్వే నుంచి లెక్కగడతారు.

ఇక కావలసింది తేడా ఒక్కటే. బస్సు విలువ నుంచి కారు విలువ తీసేస్తే ΔV = −0.4.

P(బస్సు) = 1 / (1 + e^(−ΔV))

ఇందులో −0.4 పెడితే సుమారు 0.40 వస్తుంది. అంటే వందలో 40 మంది బస్సులో, 60 మంది కారులో వెళ్తారు. విలువ తక్కువైనా బస్సుకు సున్నా రాకపోవడానికి కారణం ఉంది. ఒక్కొక్కరి ఇష్టాల్లో సర్వేకు అందని భాగాన్ని ఈ నమూనా యాదృచ్ఛికంగా తీసుకుంటుంది.

ట్రాఫిక్ జామ్‌లో రెండు వాహనాలూ 10 నిమిషాలు ఆలస్యమైతే తేడా మారదు, వాటాలూ మారవు. బస్సులకు ప్రత్యేక వరుస కేటాయించి వాటికి మాత్రమే 10 నిమిషాలు మిగిల్చితే తేడా సున్నా అవుతుంది, బస్సు వాటా 50 శాతానికి చేరుతుంది. ఈ గుణకాల ప్రకారం 10 నిమిషాలు 20 రూపాయలకు సమానం కాబట్టి, టికెట్టు పూర్తిగా రద్దు చేసినా ఫలితం ఇంతే.

అదే మెరుగుదల అన్నిచోట్లా ఇంత మార్పు తేదు. బస్సు 4 పాయింట్లు వెనకబడిన మార్గంలో దాని వాటా 1.8 శాతమే. అక్కడ 10 నిమిషాలు తగ్గించినా 2.7 శాతానికే చేరుతుంది.

అసలు కారే లేనివారిని ఈ లెక్కలో కలపకూడదు. వారికి బస్సు ఎంపిక కాదు, తప్పనిసరి. వారిని కలిపితే బస్సుపై ఇష్టం ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది.

ఇదే కుటుంబానికి చెందిన నమూనాతో డేనియల్ మెక్‌ఫాడెన్ బృందం శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతపు బార్ట్ రైలుకు 6.3 శాతం వాటా వస్తుందని అంచనా వేసింది. అధికారిక అంచనా 15 శాతం. రైలు నడిచాక తేలిన వాటా 6.2 శాతం. మెక్‌ఫాడెన్‌కు 2000లో అర్థశాస్త్ర నోబెల్ లభించింది.