తొలి ఉద్యోగికి వేయాల్సిన ప్రశ్న

ఎయిర్‌బీఎన్‌బీ వ్యవస్థాపకులు తమ తొలి ఇంజనీరు కోసం నెలల తరబడి వెతికారు. ‘ఏడాదికి మించి బతకరని తెలిస్తే, అప్పుడూ ఈ ఉద్యోగం చేస్తారా?’ అని వచ్చినవాళ్లను అడిగేవాడినని వారిలో ఒకరైన బ్రయాన్ చెస్కీ తర్వాత చెప్పాడు. అన్ని నెలలు ఆగడం మెచ్చుకోదగ్గదే. ఆ ప్రశ్న మాత్రం నాకు నచ్చదు. ఏ జవాబు చెబితే ఉద్యోగం వస్తుందో ప్రశ్నలోనే కనిపిస్తోంది.

ఇంతకంటే గట్టి పద్ధతిని గ్యారీ లేథమ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1980లోనే ప్రచురించారు. వాళ్ల ప్రశ్న ఒకటి చాలా ప్రసిద్ధం. ‘భార్య, ఇద్దరు పిల్లలు జలుబుతో పడుకున్నారు. చూసుకోవడానికి చుట్టాలెవరూ లేరు. మూడు గంటల్లో మీ షిఫ్టు మొదలవుతుంది. ఏం చేస్తారు?’ ఎటు వెళ్లినా ఏదో ఒకటి వదులుకోవాల్సిందే కాబట్టి మెప్పించే జవాబు వెంటనే దొరకదు. పైగా ఏ జవాబుకు ఎన్ని మార్కులో ఇంటర్వ్యూకు ముందే రాసిపెట్టుకుంటారు.

దీన్ని మన చోటికి తెచ్చి చూద్దాం. విజయవాడలో ఇద్దరు మిత్రులు మందుల షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్ముతున్నారనుకుందాం. నలభై షాపులు వాడుతున్నాయి. షాపులు తిరిగి సాఫ్ట్‌వేర్ పెట్టి, నేర్పి, ఫోన్లు అందుకునే మనిషి కావాలి. ప్రశ్నలు రాసే ముందు వాళ్లు చేయాల్సింది ఒకటుంది. గత కొన్ని నెలల్లో తమకు నిజంగా చెమటలు పట్టించిన సంఘటనల్ని గుర్తు చేసుకోవాలి. మంచి ప్రశ్నలు అక్కడి నుంచే వస్తాయి.

సొంత పనిలా చూసుకుంటాడా లేదా తెలియడానికి ఇలా అడగొచ్చు: ‘శనివారం రాత్రి 8 గంటలు. బిల్లులో జీఎస్టీ తప్పు పడుతోందని ఒక షాపాయన ఫోన్ చేశాడు. మేమిద్దరం రైల్లో ఉన్నాం, ఫోన్లు కలవడం లేదు. రేటు మార్చే వీలు మీ లాగిన్‌కు ఉంది. కానీ మారిస్తే నలభై షాపులకూ మారిపోతుంది. ఏం చేస్తారు?’

‘మీరు వచ్చేదాకా ఆగమంటాను’ అంటే ఐదుకు ఒకటి. ‘వెంటనే మార్చేస్తాను’ అన్నా ఒకటే. ఈ రెండోది చొరవలా కనిపిస్తుంది కాబట్టి ఇక్కడే చాలామంది మోసపోతారు. ఈ పూటకు చేతి బిల్లులు రాయమని చెప్పి, మనకు మెసేజ్ పెట్టేవాడికి మూడు. ఐదు మార్కులు ఎవరికంటే, ముందు బిల్లు ఫొటో తెప్పించి, ఇంకో షాపులోనూ అలాగే పడుతోందా అని చూసి, సెట్టింగు ముట్టుకోకుండా చేతి బిల్లులతో నడిపించి, ‘ఇవాళ ఇప్పటికే వెళ్లిపోయిన తప్పు బిల్లులెన్ని?’ అని అడిగేవాడికి. ఆ చివరి మాట చెబితే తప్ప అంతదూరం ఆలోచించేవాళ్లు తక్కువ.

వైఖరికి వేరే ప్రశ్న కావాలి. ‘షాపులు తిరిగాక మా పద్ధతే తప్పని మీకనిపించింది. రెండుసార్లు చెప్పారు, మేం పట్టించుకోలేదు. మూడోసారి ఏం చేస్తారు?’ ఊరుకునేవాడు, అలిగేవాడు, నాలుగు షాపుల్లో ఏం జరిగిందో రాసుకొచ్చి ముందు పెట్టేవాడు ఇక్కడ విడివిడిగా తేలతారు.

ఈ ప్రశ్నలకో హద్దుంది. ఏం చేయాలో తెలిసిన ప్రతివాడూ అది చేయడు. అందుకే జవాబు విన్నాక ‘ఇలాంటిది మీకు నిజంగా ఎప్పుడు ఎదురైంది? అప్పుడేం చేశారు?’ అని వెంటనే అడగాలి. నైపుణ్యాన్నయితే మాటల్లో కొలవొద్దు. ఒక పూట డబ్బిచ్చి షాపుకు పంపి, అక్కడి కుర్రాడికి స్టాకు ఎక్కించడం నేర్పమనండి. వీళ్లు వచ్చేశాక ఆ కుర్రాడు ఒంటరిగా చేయగలిగాడా అన్నదే ఫలితం.

మిత్రులిద్దరూ మాట్లాడుకోకముందే ఎవరి మార్కులు వాళ్లు వేసుకోవాలి. మూడింటినీ కలిపి సగటు తీయొద్దు. సొంత పనిలా చూసుకునే గుణంలో రెండొచ్చినవాణ్ని నైపుణ్యంలోని ఐదు కాపాడలేదు. నైపుణ్యంలో మూడు, ఆ గుణంలో ఐదు వచ్చినవాణ్ని నేనైతే తీసుకుంటాను. కాకపోతే మిగతా నైపుణ్యాన్ని నేర్పడానికి ఇద్దరిలో ఒకరికి ఆ పని వచ్చి ఉండాలి. ఇద్దరికీ రాని పనికి మనిషిని తెచ్చుకుంటుంటే నైపుణ్యంలో నాలుగు తగ్గకూడదు.

ఇక, సొంతంలా చూసుకోమని అడిగేవాళ్లు వాటా మాట కూడా ఎత్తాలి. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే ఉద్యోగికి షేర్ల ఆప్షన్లు ఇవ్వొచ్చు. ఆప్షన్ ఇచ్చిన రోజు నుంచి అది చేతికి దక్కేలోపు కనీసం ఏడాది గడవాలని మన కంపెనీల నిబంధనలు చెబుతున్నాయి. నాలుగేళ్లలో విడతలుగా దక్కేలా రాసుకోవడం వాడుక. ‘కంపెనీ పెరిగాక చూద్దాంలే’ అనే నోటిమాట మీద వదలకుండా ఎన్ని ఆప్షన్లు, ఏ ధరకు, మధ్యలో మానేస్తే ఏమవుతుంది అన్నవి చేరే ముందే కాగితం మీద ఉండాలి.