డాలస్ నుంచి విజయవాడకు ఒక సారీ

అతను డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఆమెది విజయవాడలో బ్యాంకు ఉద్యోగం. నవంబరు చివర్లో ఆమె చెల్లెలి పెళ్లి. వస్తానని మాటిచ్చాడు. తీరా చూస్తే పాస్‌పోర్టులో హెచ్‌-1బీ స్టాంపు గడువు అయిపోయింది. ఇండియాకు వస్తే కాన్సులేట్‌లో మళ్లీ స్టాంపింగ్ చేయించుకుంటేగానీ తిరిగి వెళ్లలేడు. పెళ్లి దరిదాపుల్లో ఎక్కడా స్లాటు లేదు. ఈ సంగతి పది రోజుల కిందటే తేలిపోయింది. వాళ్లమ్మకు చెప్పాడు, భార్యకు చెప్పలేదు. అత్తగారు ఏదో మాటల్లో ఆ విషయం బయటపెట్టేసింది.

గురువారం రాత్రి తొమ్మిదికి అతను ఫోన్ చేశాడు. అప్పుడు విజయవాడలో శుక్రవారం ఉదయం ఏడున్నర. ఆమె అడిగింది. "ప్రతిదానికీ ఇలా సీన్ చేస్తావనే చెప్పలేదు" అన్నాడు. "అన్నీ మీ అమ్మకే చెప్పుకునేవాడివి, నన్నెందుకు పెళ్లి చేసుకున్నావ్?" అంది. అతను ఫోన్ కట్ చేశాడు.

ఈ జంటను నేనే కల్పించాను. కానీ ఒకరు ఇక్కడ, ఒకరు అక్కడ ఉంటున్న ఇళ్లలో ఇలాంటి గొడవ కొత్తేం కాదు. ఒకే ఇంట్లో ఉన్నవాళ్లయితే మాటలు లేకపోయినా ఒకరు కాఫీ కలిపి ఇంకొకరి ముందు పెడతారు. దాంతో సగం కోపం దిగిపోతుంది. వేల మైళ్ల అవతల ఉన్నవాడికి ఆ వీలు లేదు. వాట్సాప్‌లో అక్షరాలు తప్ప చేతిలో ఏమీ ఉండదు. ఆ అక్షరాలు ఎలా ఉండాలన్నదే ఇక్కడి ప్రశ్న.

ముందుగా, వెంటనే రాయకూడదు. దంపతుల గొడవలను ఏళ్ల తరబడి ప్రయోగశాలలో గమనించిన అమెరికన్ మనస్తత్వవేత్త జాన్ గాట్‌మన్ చెప్పేదేమిటంటే, గొడవ ముదిరినప్పుడు గుండె నిమిషానికి వందసార్లకు మించి కొట్టుకుంటుంది, ఆ స్థితిలో ఎదుటివాళ్ల మాట బుర్రకెక్కదు. శరీరం సర్దుకోవడానికి కనీసం ఇరవై నిమిషాలు కావాలి. ఆ ఇరవై నిమిషాలూ "నన్ను అంత మాటంటుందా" అని తలుచుకుంటూ కూర్చుంటే అవి లెక్కలోకి రావు. మనవాడు ఆ రాత్రే ఒకటి టైప్ చేశాడనుకుందాం:

"నీకు బాధ కలిగి ఉంటే సారీ. కానీ నువ్వు కూడా మా అమ్మ ఊసు ఎత్తకుండా ఉండాల్సింది. ఇక్కడ నా టెన్షన్లు నీకేం తెలుసు. ఖాళీ ఉన్నప్పుడు కాల్ చెయ్."

చాలామంది పంపేది ఇదే. సారీ ఉంది కాబట్టి పంపినవాడికి బరువు దిగినట్టు ఉంటుంది. చదివిన మనిషికి మాత్రం గొడవ రెండో విడత మొదలవుతుంది. 'బాధ కలిగి ఉంటే' అనడంలో అసలు బాధ కలిగిందా లేదా అన్న అనుమానం ఉంది. అతను ఏం చేశాడో ఒక్క ముక్క కూడా లేదు. 'కానీ' దగ్గర సారీ వెనక్కి వెళ్లిపోయింది. చివరి వాక్యం ఇంకా అన్యాయం. తప్పు అతను చేస్తే ఫోన్ చేసే పని ఆమెది అయింది.

ఇలాంటివి పంపేటప్పుడు మన మనసులోని మెత్తదనం అక్షరాల్లోనూ ఉందని అనుకుంటాం. 2005లో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ అనే పరిశోధకులు, వాళ్ల సహచరులు దీన్ని పరీక్షించారు. ఈమెయిల్లో రాసిన మాట వెటకారమో, నిజంగానే అన్నదో చదివేవాళ్లు పోల్చుకోగలరా అని అడిగితే, నాలుగింట మూడుసార్లకు పైగా పోల్చుకుంటారని పంపినవాళ్లు నమ్మారు. చదివినవాళ్లు సరిగ్గా చెప్పింది సగం కంటే కాస్త ఎక్కువసార్లు మాత్రమే. అంటే దాదాపు బొమ్మా బొరుసూ. కాబట్టి గొడవ తర్వాతి మెసేజ్‌లో జోకులు, "సర్లే మేడమ్‌గారూ" లాంటి ముద్దు వెటకారాలు, నవ్వుతున్న ఎమోజీలు వద్దు. మామూలు రోజుల్లో ముద్దుగా వినిపించే పిలుపు ఆ పూట ఎగతాళిగా వినిపిస్తుంది.

ఇప్పుడు కష్టమైన భాగం. తన తప్పు ఏమిటో అతను సరిగ్గా తేల్చుకోవాలి. స్లాటు దొరకకపోవడం అతని తప్పు కాదు. దానికి సారీ చెప్పినా ఆమెకు ఒరిగేదేమీ లేదు, పైగా అసలు సంగతి పక్కకు పోతుంది. "తప్పంతా నాదే, నేను దేనికీ పనికిరాను" అనడం ఇంకో ప్రమాదం. వినడానికి పెద్ద మనసులా ఉంటుంది. కానీ అప్పుడు ఆమె తన కోపం పక్కనపెట్టి అతన్ని ఓదార్చాలి. అతను చేసినవి మూడే. తెలిసిన విషయం పది రోజులు దాచాడు, అదీ వాళ్లమ్మకు చెప్పి. అడిగితే 'సీన్' అన్నాడు. మాట మధ్యలో ఫోన్ పెట్టేశాడు. ఆమె అన్న మాట కూడా తక్కువదేమీ కాదు. అయితే దాని లెక్క ఆమెది. ఈ మెసేజ్‌లోకి దాన్ని తెస్తే ఇది మళ్లీ బేరం అయిపోతుంది.

ఆ మూడింటినీ ఒప్పుకుంటూ, శుక్రవారం పొద్దున ఏడింటికి నిద్ర లేచాక అతను ఇలా రాశాడనుకుందాం:

"నీకు పొద్దున చేసిన కాల్ నేను మధ్యలో కట్ చేశాను. అది తప్పు. స్లాటు లేదని పది రోజుల కిందటే తెలిసింది. అమ్మకి చెప్పి నీకు చెప్పలేదు. నువ్వు బాధపడతావని ఆగానని నాకు నేను చెప్పుకున్నా, నిజానికి నీకు చెప్పడానికి ధైర్యం చాలలేదు. నువ్వు అడగాల్సిందే అడిగావు, నేను సీన్ అన్నాను. సారీ. మామయ్యగారికి ఈ విషయం నేనే చెప్తాను, నువ్వు ఎప్పుడు చెప్పమంటే అప్పుడు. శనివారం నీకు పొద్దున 8కి, నాకు శుక్రవారం రాత్రి 9:30కి, మాట్లాడదామా? గంటసేపు ఇంకో పని పెట్టుకోను. కుదరకపోతే ఆదివారం ఇదే టైం. ఇప్పుడే ఏం రాయక్కర్లేదు, టైం ఒక్కటి చెప్పు చాలు."

ఇందులో "నన్ను క్షమించు" అన్న అభ్యర్థన లేదన్నది గమనించండి. క్షమాపణలో ఏ భాగానికి ఎంత విలువుందో రాయ్ లెవికీ బృందం 2016లో ప్రచురించిన అధ్యయనంలో, తప్పు తనదని ఒప్పుకోవడానికి అన్నిటికంటే ఎక్కువ విలువ కనిపించింది. దాని తర్వాత జరిగినదాన్ని సరిదిద్దుతానని ముందుకు రావడం. క్షమించమని అడగడం అన్నిటికంటే అడుగున ఉంది. అందుకే మామగారికి ఫోన్ చేసే బాధ్యత ఇక్కడ ముఖ్యం. ఆ కబురు మోయాల్సిన గతి ఆమెకు పట్టకుండా అతను తీసుకున్నాడు. ఆమెను అడగకుండానే ఆ ఫోన్ చేసేసి ఉంటే మాత్రం మళ్లీ పాత తప్పే, ఆమె కంటే ముందు ఇంకొకరికి చెప్పడం.

ఇక టైం సంగతి. అతనికి శుక్రవారం ఉదయం ఏడు అంటే విజయవాడలో సాయంత్రం ఐదున్నర, బ్యాంకు పని ఒక కొలిక్కి వచ్చే వేళ. అదే రాత్రి పదకొండింటికి పంపి ఉంటే అక్కడ ఉదయం తొమ్మిదిన్నర. కౌంటర్ తెరవబోతూ ఇది చదివితే రోజంతా గొంతులో ముల్లే. 'రేపు మాట్లాడదాం' అని కూడా అతను రాయలేదు. ఆమెకు రేపు అయ్యేది అతనికి ఈ రాత్రే. వారం పేరు, రెండు ఊళ్ల గడియారాలూ రాస్తే ఆ తికమక ఉండదు. శనివారం ఎంచుకోవడానికీ కారణముంది. అది నాలుగో శనివారం, బ్యాంకుకు సెలవు. సెలవు కాకపోయి ఉంటే ఎనిమిదింటికి ఆమె ఒక కన్ను గడియారం మీద పెట్టి మాట్లాడాల్సి వచ్చేది.

ఇదే గొడవ రెండు వారాలు ఆగి జరిగితే లెక్క మారుతుంది. నవంబరు మొదటి ఆదివారం తెల్లవారుజామున అమెరికా గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి. డాలస్‌కూ మనకూ పదిన్నర గంటలున్న తేడా పదకొండున్నర అవుతుంది. మార్చి రెండో ఆదివారం దాకా అంతే. "ఎప్పటి టైంకే" అనుకుని ఒకరు గంటసేపు ఫోన్ ముందు కూర్చుని, రెండోవాళ్లు పట్టించుకోలేదని కుమిలిపోవడం ఆ వారంలోనే ఎక్కువ. దుబాయిలో ఉన్నవాళ్లకు ఈ బెడద లేదు. ఏడాదంతా మనకంటే గంటన్నర వెనక. అక్కడి చిక్కు వేరు. మామూలుగా వాట్సాప్ మెసేజ్ వెళ్తుంది గానీ వాట్సాప్ కాల్ కలవదు. బోటిమ్ లాంటి అనుమతి ఉన్న యాప్ వాడాలి. ఒకే గదిలో నలుగురైదుగురు ఉండే జగిత్యాల, నిజామాబాద్ కార్మికులకు అసలు కావలసింది గడియారం కంటే చాటు. రూమ్మేట్లు డ్యూటీకి వెళ్లే గంట ఏదో చూసుకుని ఆ టైం చెప్పడం మేలు.

పంపాక ఏం జరగవచ్చు? నీలం టిక్కులు పడతాయి, జవాబు రాదు. ఇక్కడే చాలామంది చెడగొట్టుకుంటారు. పావుగంటకు ఒక ప్రశ్నార్థకం, గంటకు మిస్‌డ్ కాల్, ఆపైన అమ్మ చేత ఫోన్. మూడోది మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. అసలు గొడవే అమ్మకు ముందు తెలియడం గురించి. అతను రెండు టైంలు ఇచ్చాడు కాబట్టి మొదటిది దాటేదాకా ఆగాలి. చెప్పిన వేళకు ఒక్కసారి కాల్ చేసి, ఎత్తకపోతే "ఆదివారం అదే టైంకి చేస్తాను" అని ఒక్క వాక్యం పెట్టాలి. కోపంగా జవాబొస్తే టైపింగులో వాదించకుండా "ఇవన్నీ వింటాను, శనివారం" అనడమే పని.

ఈ మెసేజ్ పనిచేయని చోటు కూడా ఉంది. ఎదుటి మనిషి బెదిరిస్తున్నా, డబ్బూ పాస్‌పోర్టూ తన గుప్పిట్లో పెట్టుకున్నా, ప్రతి నెలా ఇలాంటి సారీ పంపి ప్రతి నెలా అదే చేస్తున్నా, అది దంపతుల గొడవ పరిధి దాటింది. అలాంటి స్త్రీకి మన దేశంలో 181 మహిళా హెల్ప్‌లైన్ ఉంది.

శనివారం ఎనిమిదికి ఫోన్ కలిసిందనుకుందాం. అతనికి వెంటనే స్లాటు స్క్రీన్‌షాట్లు చూపించి తన నిర్దోషిత్వం నిరూపించుకోవాలనిపిస్తుంది. వాటిని ఆపి ఉంచాలి. తన బాధ పూర్తిగా చెప్పుకుని, ఎదుటివాళ్లకు అర్థమైందనిపించాక విన్న క్షమాపణే బాగా పనిచేస్తుందని సింథియా ఫ్రాంజ్, కోర్ట్నీ బెనిగ్‌సన్ 2005లో చూపించారు. మెసేజ్‌లో చెప్పిన సారీ తలుపు తీయడానికే. ఆమె చెప్పాల్సింది ఇంకా చెప్పనేలేదు. "ముందు నువ్వు చెప్పు" అని అతను ఊరుకుంటే బహుశా పెళ్లిలో అల్లుడు ఏడని అడిగే బంధువుల గురించి, పది రోజులు తాను అతని కోసం కొన్న బట్టల గురించి ఆమె చెబుతుంది. స్టాంపింగ్ కథ ఆ తర్వాత రెండు నిమిషాల్లో అయిపోతుంది. మామగారికి ఫోన్ ఎప్పుడు చేయాలన్నది ఆమె తేలుస్తుంది. ఆయన సాయంత్రం వాకింగ్ నుంచి వచ్చి టీవీ ముందు కూర్చునే ఏడింటికి అంటే, డాలస్‌లో ఉదయం ఎనిమిదిన్నరకు అలారం పెట్టుకోవాలి.