గీత కంటే ముందు అక్షాలు

ఒక తీగకు సంబంధించిన వోల్టేజి, కరెంటు గ్రాఫ్ ఇచ్చి నిరోధం ఎంత అని అడిగారనుకోండి. ముందు చదవాల్సింది గీతను కాదు, అక్షాలను. అడ్డంగా వోల్టులు, నిలువుగా మిల్లీఆంపియర్లు ఉన్నాయి. నిలువు అక్షంపై 0కి, 20కి మధ్య పది చిన్న గళ్లుంటే ఒక్కో గడి విలువ 2. దాన్ని 1 అనుకుంటే లెక్కంతా తప్పుతుంది.

గీతపై 1 వోల్టు దగ్గర 20, 4 వోల్టుల దగ్గర 80 ఉన్నాయి. తేడాలు 3 వోల్టులు, 0.06 ఆంపియర్లు. భాగిస్తే 50 ఓమ్‌లు. మిల్లీని ఆంపియర్లలోకి మార్చడం మరిచిపోతే జవాబు వెయ్యో వంతుకు పడిపోతుంది.

బిందువులు దూరంగా ఉండాలని నేను గట్టిగా చెబుతాను. కరెంటు తేడా 4 మాత్రమే ఉన్నప్పుడు కన్ను అర గడి పొరబడి 5గా చదివితే 50 ఓమ్‌లు 40 అవుతాయి. అదే పొరపాటు 60 దగ్గర జరిగితే 49 వస్తుంది.