ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కీర్తన

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో తెలుగు చర్చిలో ఆంధ్ర క్రైస్తవ కీర్తన ఎత్తుకోగానే పెద్దలు పుస్తకం చూడకుండానే పాడేస్తారు. పక్కనున్న పిల్లలకు మాటలు కొంత తెలుసు, అక్షరాలు రావు. వాళ్ల కోసం ఎవరో ఒకరు పాటను ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి తెర మీద వేస్తారు. చిక్కేమిటంటే, ఆ రాత తెలుగు వచ్చినవాళ్లకే సరిగ్గా పలుకుతుంది.

తండ్రిని మనవాళ్లు thandri అని రాస్తారు. అమెరికా బడిలో చదివే పిల్లకు th అంటే ‘థింక్’లోని శబ్దం. devudu అని రాస్తే ‘డెవుడు’ అంటుంది. paata అంటే పాటా, పాతా అన్నది ఆ రాతలో తేలదు.

పుస్తకాలయాల్లో వాడే ఐఎస్ఓ 15919 పద్ధతి ఈ తేడాలన్నీ చూపిస్తుంది. దీర్ఘానికి అక్షరం మీద గీత, ట, డ, ణ, ళలకు కింద చుక్క. గీత దూరానికి కూడా కనిపిస్తుంది కాబట్టి ఉంచుకోవచ్చు. చుక్క మాత్రం తెర మీద చివరి వరుసకు ఆనదు. దాని బదులు పెద్ద అక్షరం పెడితే మేలు: pāTa అంటే పాట, pāta అంటే పాత. ఆ పద్ధతిలో చకు ఉత్త c రాస్తారు, పిల్లలు దాన్ని ‘క’ అనేస్తారు, అందుకని ch తప్పదు. సున్నాను వినిపించినట్టే రాయాలి: santōshamu, sambaramu.

ఇక్కడ పెద్దలకు ఒక అభ్యంతరం వస్తుంది. యేసును Yēsu అని పెద్ద అక్షరంతో రాయవచ్చు, కానీ దేవుణ్ణి dēvuDu అని చిన్న అక్షరంతోనే మొదలుపెట్టాలి. గౌరవం కోసం D వేస్తే ‘డేవుడు’ అయిపోతుంది. ఈ సంగతి పేజీ అడుగున ఒక వాక్యంలో చెప్పేస్తే గొడవ ఉండదు.

అన్నిటికన్నా పెద్ద పొరపాటు రికార్డింగు విని రాయడం. రాగం కోసం ‘కృప’లోని పను సాగదీస్తే అది krupā అయి కూర్చుంటుంది. సాగదీత రాగానిది, మాటది కాదు. అచ్చు పుస్తకం ముందు పెట్టుకునే రాయాలి. ఒత్తులనూ అలాగే చూసుకోవాలి: ‘బిడ్డ’ను biDDa అని రాసినా ఇంగ్లీషు అలవాటుతో పిల్లలు ఒక్క డనే పలుకుతారు, కాబట్టి రెండు అక్షరాలుంటే నొక్కి పలకాలని ముందే నేర్పాలి. త, దలకు నాలుక పళ్లకు తగలాలన్నదీ కాగితం చెప్పలేదు, పెద్దలు పలికి చూపించాల్సిందే.

రాసింది సరిగా ఉందో లేదో తేల్చడానికి ఆ పాట ఎప్పుడూ వినని పిల్లవాడి చేత చదివించాలి. పాట వచ్చినవాడు జ్ఞాపకం మీద చదివేస్తాడు, తప్పు బయటపడదు. పెద్దవాళ్లొకరు తెలుగు పుస్తకం చూస్తూ వింటూ, తేడా వచ్చిన చోటల్లా గుర్తు పెట్టుకోవాలి. ఇద్దరు ముగ్గురు పిల్లలు ఒకేచోట తడబడితే అక్కడ రాత మార్చాలి.

ఈ పని తలపెట్టేవాళ్లు తెలుగు వరుసను మాత్రం తీసేయకండి. పైన తెలుగు, కింద ఇంగ్లీషు అక్షరాలు, వరుసకు వరుస ఎదురెదురుగా ఉండేలా అచ్చు వేయండి.