దీపాలు పెట్టే వేళకు ఫోన్

మా పిన్నికి 74 ఏళ్లు. తెనాలిలో సొంత ఇల్లు. కింద తనుంటుంది, పై వాటా అద్దెకిచ్చింది. బాబాయి పోయి రెండేళ్లు దాటింది. ఉన్న ఒక్క కొడుకూ డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. రోజూ ఫోన్ చేస్తాడు, ఒక్క పూట కూడా మానడు. హాల్లో కెమెరా పెట్టించాడు. రాత్రిళ్లు తోడు పడుకోవడానికి ఒక మనిషిని కూడా కుదిర్చాడు. అయినా కిందటేడు వేసవిలో నేను విజయవాడ నుంచి చూడ్డానికి వెళ్లి ఫ్రిజ్ తెరిస్తే అందులో పెరుగు గిన్నె, పొద్దుటి అన్నం తప్ప ఏమీ లేవు. పప్పు, కూర, పులుసు అన్నీ ఉంటే తప్ప విస్తరి వెయ్యని మనిషి. అడిగితే, "ఒక్కదానికి ఏం వండుకుంటానే" అంది.

ఊరికే పలకరించి వచ్చేద్దామని వెళ్లినదాన్ని, నాలుగు రోజులు ఉండిపోయాను. వచ్చేముందు ఒక పాత నోటుపుస్తకం ఇచ్చి, వారం పాటు ఏ గంటలో ఎవరితో మాట్లాడావో రాసిపెట్టు పిన్నీ అన్నాను. ఆమె శ్రద్ధగా రాసింది. పొద్దున్న ఆరు నుంచి తొమ్మిది దాకా పేజీ నిండిపోయింది: పాలవాడు, పనిమనిషి, కూరగాయల బండి, గుడి నుంచి వస్తూ ఆగే పక్కింటావిడ, ఏడున్నరకు కొడుకు ఫోను. సాయంత్రం నాలుగు తర్వాత మాత్రం వారం మొత్తంలో మూడే మాటలున్నాయి. అందులో ఒకటి రాంగ్ నంబరు.

ఆ పుస్తకం చూశాక నాకొక సంగతి తట్టింది. కొడుకు ఫోను వచ్చే ఏడున్నర, ఆమెకు రోజంతటిలో తీరికే లేని సమయం. పనిమనిషి అంట్లు అడుగుతుంటుంది, పొయ్యి మీద పాలుంటాయి, దేవుడి దగ్గర దీపం వెలిగించాలి. అక్కడ డాలస్‌లో అప్పుడు రాత్రి తొమ్మిది. వంటగది సర్దుకుని, పిల్లల్ని పడుకోబెట్టి, అతను ఊపిరి తీసుకునే సమయమది. అంటే ఆ ఫోను అతని వీలునుబట్టి వస్తోంది. ఆమెకు దిగులు కమ్మేది మాత్రం అసురసంధ్య వేళ. వీధిలో పిల్లల అరుపులు సద్దుమణిగి, ఇళ్లలో లైట్లు వేసి, ఎవరి తలుపులు వాళ్లు వేసుకునే వేళ. బాబాయి బజారు నుంచి వచ్చే వేళ కూడా అదే.

తమ్ముడితో మాట్లాడితే, పొద్దున్న ఎనిమిదింటికి పని మొదలుపెట్టేముందు అరగంట ఖాళీ ఉంటుందన్నాడు. అక్కడి ఎనిమిది ఇక్కడ సాయంత్రం ఆరున్నర. ఫోను ఆ వేళకు మార్చాం.

వేళ మారితే సరిపోలేదు. వాళ్ల మాటలు ఎప్పుడూ నాలుగు నిమిషాలు దాటేవి కావు. "తిన్నావా? బీపీ మాత్ర వేసుకున్నావా? మోకాలు ఎలా ఉంది?" ఈ మూడింటికీ జవాబు ఒక్క మాటే. ప్రేమతో అడిగేవే, కాని రోజూ అవే అడిగితే డాక్టరు దగ్గర వరుసలో కూర్చున్నట్టుంటుంది. పిన్ని ఒకసారి నాతో, "వాడు గడియారం చూసుకుంటూ మాట్లాడతాడు" అంది. నిజానికి అతను చూసింది తెర మీద తన మొహం పక్కనున్న అమ్మ మొహాన్నే. షికాగో విశ్వవిద్యాలయంలో ఒంటరితనం మీద ఏళ్ల తరబడి పరిశోధించిన మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ కసియోపో చెప్పిన ముఖ్యమైన సంగతి ఇలాంటిదే. ఒంటరితనం చుట్టూ ఉన్న మనుషుల లెక్క కాదు, కోరుకున్న దగ్గరితనానికీ దొరుకుతున్నదానికీ మధ్య మనసుకు తెలిసే దూరం. ఆ దూరం ఎక్కువకాలం ఉంటే మనిషి చిన్న చిన్న గుర్తుల్లో కూడా నిరాదరణ వెతుక్కోవడం మొదలుపెడతాడు. ఆపైన తనే వెనక్కి తగ్గుతాడు. పిన్ని పెళ్లిళ్లకు వెళ్లడం మానేసింది అలాగే. "పిలవాలి కాబట్టి పిలిచార్లే" అనేది.

అందుకని తమ్ముడు ప్రశ్నలు మానేసి, పనులు అడగడం మొదలుపెట్టాడు. కాఫీ కలుపుకుంటూ ఫోను గట్టు మీద నిలబెట్టి, "అమ్మా, ఇవాళ గోంగూర దొరికింది, పచ్చడికి మిరపకాయలు ఎన్ని వెయ్యను?" అంటాడు. ఆమె ఇక్కడ బియ్యం ఏరుకుంటూ చెబుతుంది. మధ్యలో రెండు నిమిషాలు ఇద్దరూ ఏమీ మాట్లాడరు. అక్కడ చెంచా చప్పుడు ఇక్కడ వినిపిస్తుంది. ఒకే ఇంట్లో ఉన్న తల్లీకొడుకులు కూడా అలాగే కదా ఉంటారు. ఆ ఫోను ఇప్పుడు ఇరవై నిమిషాలు నడుస్తుంది.

మాట సాగకపోవడానికి ఇంకో కారణం ఉందని మాకు ఆలస్యంగా తెలిసింది. పిన్నికి చెవి మందగించింది. వయసుతో వచ్చే చెవుడు మొదట సన్నటి శబ్దాలను తినేస్తుంది. అచ్చుల మోత వినపడుతుంది, స, త, క లాంటి హల్లులు జారిపోతాయి. పాలు అన్నారో కాలు అన్నారో తేలదు. అందుకే ఇలాంటివాళ్లు "వినపడట్లేదు" అనరు, "మీరంతా గొణుగుతారు" అంటారు. ఆడవాళ్ల గొంతులు, పిల్లల గొంతులు ముందు దూరమవుతాయి. అర్థం కాకపోయినా నవ్వి తలూపడం, టీవీ శబ్దం పెరుగుతూ పోవడం, నలుగురు చేరిన చోట మౌనంగా కూర్చోవడం, ఇవన్నీ ఆ గుర్తులే. మేం వాటిని దిగులనుకున్నాం.

చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గరికి తీసుకెళితే ముందు గుబిలి ఉందేమో చూశారు. కొందరికి అది తీస్తేనే సగం సరిపోతుంది. పిన్నికి అది కాదు. గదిలో కూర్చోబెట్టి రకరకాల శబ్దాలు వినిపించి ఆడియోగ్రామ్ తీశారు, రెండు చెవులకూ మిషన్లు రాశారు. ఇక్కడే చాలామంది ఓడిపోతారు. కొత్తలో ఫ్యాను గాలి, గిన్నెల చప్పుడు, తన నమిలే శబ్దం కూడా తలలో మోగుతాయి. నాలుగు రోజుల్లో మిషను డబ్బాలోకి వెళ్లిపోతుంది. ఆ శబ్దాలను పక్కన పెట్టడం మెదడు మళ్లీ నేర్చుకోవాలి, దానికి వారాలు పడుతుంది. మేం మొదట నిశ్శబ్దంగా ఉన్న గదిలో రోజుకు రెండు గంటలే పెట్టుకోమన్నాం, తర్వాత మెల్లగా పెంచాం. శబ్దం సరిచేయించడానికి రెండుసార్లు మళ్లీ తీసుకెళ్లాల్సి వచ్చింది. తమ్ముడు కూడా గట్టిగా అరవడం మానేసి, మొహం మీద వెలుతురు పడేలా కూర్చుని, కాస్త నిదానంగా మాట్లాడటం నేర్చుకున్నాడు. పెదవులు కనిపిస్తే సగం మాట అందుతుంది.

ఇంత చేసినా నాలుగు నుంచి ఆరున్నర వరకు ఖాళీ అలాగే ఉంది. దాన్ని నింపింది మేం కాదు. పై వాటాలో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు. వాళ్లు మొదటినుంచీ "ఏ అవసరమొచ్చినా పిలవండి పిన్నిగారూ" అంటూనే ఉన్నారు, ఈవిడ ఒక్కసారి కూడా పిలవలేదు. ఒకరికి రుణపడటం ఆ తరానికి ఇష్టముండదు. జూన్‌లో బళ్లు తెరిచాక వాళ్లే దిగొచ్చి, మా మూడో తరగతి పిల్లాడు నాలుగున్నరకు వస్తాడు, మేం వచ్చేసరికి ఆరున్నరవుతుంది, కాస్త చూస్తారా అని అడిగారు. అప్పటినుంచి పిన్ని నాలుగింటికి పొయ్యి వెలిగిస్తోంది. వాడికి పాలు, ఓ రోజు అట్లు, ఓ రోజు అటుకుల ఉప్మా. తెలుగు హోంవర్కు దగ్గర కూర్చోబెట్టి ఒత్తులు దిద్దిస్తుంది. సాయం చేస్తామన్నప్పుడు మూసి ఉన్న తలుపు, సాయం అడిగేసరికి తెరుచుకుంది. రాత్రి తోడు మనిషినీ, హాల్లో కెమెరానూ ఆమె ఎందుకు మాన్పించేసిందో నాకప్పుడు అర్థమైంది. అవి ఆమెను కనిపెట్టుకుని ఉంటాయి. ఈ పిల్లాడు ఆమె కోసం చూస్తాడు.

రాత్రి మూడింటికి మెలకువ వచ్చేయడం కూడా దాంతోనే తగ్గింది. అంతకుముందు చెయ్యడానికేమీ లేక మధ్యాహ్నం రెండు గంటలు, మళ్లీ రాత్రి ఎనిమిదింటికే పడుకునేది. ఆ వయసులో ఎనిమిదింటికి పడుకుంటే మూడింటికి నిద్ర నిండిపోవడం సహజమే. నిద్ర మాత్ర అడుగుదామనుకున్నాం గాని, మాత్ర మత్తులో రాత్రి లేచి పడిపోయే వృద్ధులు ఎక్కువ. ఇప్పుడు పగటి కునుకు అరగంట, పక్క వేసేది పదింటికి.

కొడుకు దగ్గరికే పంపేయొచ్చు కదా అని అందరూ అడుగుతారు. పంపాం. సందర్శకుల వీసా మీద సాధారణంగా ఆరు నెలలు ఉండనిస్తారు, పిన్ని నాలుగో నెలలోనే వచ్చేసింది. పొద్దున్న వెళ్లినవాళ్లు సాయంత్రానికి గాని రారు. కారు నడపలేని మనిషి వీధి చివరికి కూడా వెళ్లలేదు, వెళ్లినా అక్కడ కూరగాయల బండి లేదు. మనవల ఇంగ్లీషు ఆమెకు అందదు, ఆమె తెలుగు వాళ్లకందదు. చుట్టూ తెలుగువాళ్లు, గుడి దగ్గరలో ఉన్న చోట కొందరు హాయిగానే ఉంటారు. ఈవిడకు ఆ వీలు లేకపోయింది.

ఇలాంటి మార్పులతో తీరనివి కూడా ఉంటాయి. రెండు వారాలకు పైగా రోజూ దిగులుగా ఉండి, మనవడి మొహం చూసినా కదలిక లేకపోయినా, తిండి తగ్గి బట్టలు వదులైనా, "నేనింకా ఎందుకున్నాను" అనే మాట వచ్చినా అది ఒంటరితనం దాటిన జబ్బు. దానికి మందుంది, డాక్టరుకు చూపించాలి. థైరాయిడ్, బీ12 లోపం కూడా మనిషిని అలాగే కుంగదీస్తాయి కాబట్టి రక్త పరీక్ష ముందు చేయిస్తారు. చెప్పిందే చెప్పడం, డబ్బు లెక్క తప్పడం కనిపిస్తే మతిమరుపు జబ్బు సంగతి చూడాలి. టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళప్పుడైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. పెద్దవాళ్ల కోసమే ఉన్న ఎల్డర్ లైన్ 14567 పగటిపూట పనిచేస్తుంది. రెండూ ఉచితమే.

మా వల్ల ఒక పొరపాటు జరిగింది. నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారం ఒక గంట వెనక్కి జరుపుతారు. అక్కడి ఎనిమిది ఇక్కడ ఏడున్నర అవుతుంది. ఆ సంగతి పిన్నికి ఎవరం చెప్పలేదు. ఆరున్నర నుంచి గంటసేపు ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుందట. ఏడున్నరకు అతను చేసేసరికి గొంతు పూడుకుపోయి ఉంది. ఇప్పుడు క్యాలెండర్లో మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం చుట్టూ తనే ఎర్ర సిరాతో సున్నా చుట్టుకుంది.

ఈ మే నెలలో పై వాటావాళ్లకు బదిలీ అయింది. పిల్లాడు వెళ్లాక మూడు వారాలు మళ్లీ పెరుగన్నమే. నేను ఏం చెయ్యాలా అని ఆలోచిస్తుండగా ఫోన్ చేసింది. ఇల్లు చూడ్డానికి ఇద్దరు కుర్రాళ్లొచ్చారట, వెయ్యి రూపాయలు ఎక్కువే ఇస్తామన్నారట. వద్దని పంపేసింది.

"బడికెళ్లే పిల్లలున్నవాళ్లకే ఇస్తానని బ్రోకరుతో చెప్పానే" అంది.