సమాసం పొదుపు, సంధి అతుకు

తెలుగు వాక్యాన్ని కుదించడానికి రెండు దారులున్నాయని బడిలో చదువుకుంటాం. మాటలను కలిపి సమాసం చేయడం ఒకటి, మాటల చివర్లను అతికి సంధి చేయడం రెండోది. రెండూ కలిపి పాఠంలో చెబుతారు కాబట్టి రెండూ ఒకే పని చేస్తాయన్న భ్రమ మిగిలిపోతుంది. ఒక వాక్యాన్ని ముందు పెట్టుకుని అక్షరాలు లెక్కిస్తే తేడా బయటపడుతుంది.

ఒక వార్త అనుకుందాం. ఏ మాటనూ కుదించకుండా రాస్తే ఇలా ఉంటుంది: "జిల్లాలో విద్యా శాఖ చూసే అధికారి ఇచ్చిన ఆదేశం ప్రకారం వరదల వల్ల నష్టపోయిన గ్రామాలలో ఉన్న బడులను బాగు చేసే పనులు మొదలు అయ్యాయి." ఇందులో 19 మాటలు, 56 అక్షరాలు. తప్పేమీ లేదు గానీ సాగదీసినట్టుంది.

ఇప్పుడు సమాసాలు చేద్దాం: "జిల్లా విద్యాశాఖ అధికారి ఆదేశంతో వరద ముంపు గ్రామాల్లో బడుల మరమ్మతు పనులు మొదలయ్యాయి." 11 మాటలు, 37 అక్షరాలు. విషయం ఏదీ పోలేదు. పోయినవి "లో, చూసే, ఇచ్చిన, ప్రకారం, వల్ల, నష్టపోయిన, ఉన్న, బాగు చేసే" వంటివి. అంటే విభక్తులు, మాటకూ మాటకూ మధ్య సంబంధం చెప్పే చిన్న క్రియలు. సమాసం చేసే పొదుపంతా ఇదే.

ఇక్కడితో ఆగకుండా సంధులు కూడా బిగించి, సంస్కృత పదాలు ఎక్కిస్తే: "జిల్లా విద్యాశాఖాధికార్యాదేశానుసారం వరదపీడితగ్రామపాఠశాలాపునరుద్ధరణకార్యక్రమాలారంభమయ్యాయి." చూడటానికి మూడే మాటలు. అక్షరాలు మాత్రం 42. పదకొండు మాటల వాక్యం కంటే ఈ మూడు మాటల వాక్యమే పొడుగు! ఇంత గొలుసు ఒకే చోట ఎవరూ రాయకపోవచ్చు. అయితే ఇందులోని ఒక్కో ముక్కా ఏదో ఒక ఉత్తర్వులోనో, ఆహ్వాన పత్రికలోనో, సన్మాన పత్రంలోనో కనబడేదే.

వాక్యాన్ని తగ్గించింది సమాసం. సంధి వల్ల తగ్గేది ఎక్కడో ఒక అక్షరం. "మొదలు అయ్యాయి" అనేది ఆరు అక్షరాలు, "మొదలయ్యాయి" అయిదు. "విద్యాశాఖ అధికారి" ఎనిమిది, "విద్యాశాఖాధికారి" ఏడు. సంధి అసలు పని పొదుపు కాదు, పలుకు ఆగకుండా సాగేలా చూడటం. రెండు అచ్చులు పక్కపక్కన పడితే నోరు ఒక్క క్షణం ఆగాలి. ఆ ఆగడం ఇష్టం లేని భాష తెలుగు. అందుకే "ఏమి అయింది" అని ఎవరం అనం, "ఏమైంది" అంటాం. "ఎక్కడికి వెళ్తున్నావు" కూడా మాటల్లో "ఎక్కడికెళ్తున్నావు" అయిపోతుంది.

చెవికి ఇది హాయి. కంటి సంగతి వేరు. మన లిపిలో అ, ఆ, ఇ, ఈ అనే అచ్చులు తమ సొంత రూపంలో దాదాపు ఎప్పుడూ మాట మొదట్లోనే వస్తాయి. మాట నడుమ అవి తలకట్టుగా, దీర్ఘంగా, గుడిగా మారి హల్లు మీద కూర్చుంటాయి. కాబట్టి "అధికారి"లోని అ కనబడగానే ఇక్కడో కొత్త మాట మొదలైందని కన్ను గుర్తుపడుతుంది. "విద్యాశాఖాధికారి" అని రాసినప్పుడు ఆ అకారం "ఖ" మీద దీర్ఘంగా మారి మాయమైంది. ఖాళీ పోయింది, దానితో పాటు రెండో మాట తల కూడా పోయింది. చదివేవాడు వెనక్కి వచ్చి "శాఖ, అధికారి" అని తనే విడదీసుకోవాలి. అలవాటైన మాట కాబట్టి విద్యాశాఖాధికారి దగ్గర ఎవరూ తడబడరు. "అధికార్యాదేశం" దగ్గర తడబడతారు, ఎందుకంటే అక్కడ "రి" కాస్తా "ర్యా" అయి మొదటి మాట తోక కూడా మారిపోయింది.

హల్లులు మారే సంధుల్లో ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. "విద్యుదాఘాతంతో రైతు మృతి" అనే శీర్షిక పత్రికల్లో తరచూ వస్తుంది. విద్యుత్ అంటే కరెంటు అని తెలియని ఇల్లు లేదు. ఆ మాట "ఆఘాతం"తో కలిసేసరికి "త్" పోయి "ద" వచ్చింది. తెలిసిన మాటే తెలియని మాటైంది. "కరెంటు షాక్‌తో రైతు మృతి" అని రాసిన విలేకరి భాషకు ద్రోహం చేశాడని నేను అనుకోను, ఆ వార్త ఎవరి గురించో వాళ్ళకు అందేలా రాశాడు. "హృద్రోగం" బదులు "గుండె జబ్బు" అన్నా అంతే.

మన వ్యాకరణం కూడా దొరికినచోటల్లా కలిపేయమని చెప్పలేదు. చిన్నయసూరి బాలవ్యాకరణంలో సంధికి అంతస్తులున్నాయి. ఉకారం తర్వాత అచ్చు వస్తే సంధి నిత్యం, తప్పక జరగాలి. "ఏమి" వంటి మాటల చివరి ఇకారానికి వైకల్పికం, చేసినా చేయకపోయినా సరే. అత్వసంధి బహుళం, కొన్నిచోట్ల అవుతుంది, కొన్నిచోట్ల కాదు. "వచ్చి, చూసి" లాంటి అసమాపక క్రియల చివరి ఇకారానికి అసలు సంధే లేదు. "వచ్చి అడిగెను" అన్నదాన్ని "వచ్చడిగెను" చేయకుండా నడుమ యకారం చేర్చి "వచ్చియడిగెను" అన్నారు. ఆ ఇకారమే పని ఇంకా ముగియలేదని చెప్పే గుర్తు. అది పోతే అర్థానికి దెబ్బ తగులుతుంది కాబట్టి దాన్ని కాపాడారని నా అభిప్రాయం.

పైగా ఆ నియమాలు పుట్టిన కాలంలో చదవడమంటే ఎక్కువగా పైకి చదవడమే. తాటాకుల మీద మాటల మధ్య ఖాళీ విడిచే అలవాటు లేదు. చదివేవాడు గొంతుతో విడదీసేవాడు, వినేవాడు ఆ విరుపులను బట్టి అర్థం చేసుకునేవాడు. అచ్చు పుస్తకం వచ్చాక మౌనంగా చదివే పాఠకుడు పెరిగాడు. అతనికి విరుపు చూపించేది ఆ ఖాళీ ఒక్కటే.

ఖాళీ పోతే అర్థమే మారే చోట్లూ ఉన్నాయి. "మావిడి ఆకులు" కలిపితే "మావిడాకులు". అదే మాటను "మా విడాకులు" అని కూడా చదవవచ్చు. జగపతిబాబు నటించిన సినిమా ఒకటి ఈ పేరుతోనే వచ్చింది. సినిమా పేరుకు రెండర్థాలు అందం, కోర్టు కాగితానికి కాదు. అంతకంటే రోజూ ఎదురయ్యే ఉదాహరణ "పనికిరాని కూలీలు". కలిపి రాస్తే చేతకాని కూలీలని అర్థం. "పనికి రాని కూలీలు" అని విడిగా రాస్తే ఆ రోజు పనిలోకి రానివాళ్ళు. మస్టరు రాసే చోట ఒక ఖాళీ జారిపోతే మనుషుల్ని అవమానించినట్టవుతుంది.

విడగొట్టడంలోనూ ఇలాంటి తప్పులే జరుగుతాయి. "చని పోయాడు", "తెలుసు కున్నాడు", "వస్తా డేమో" అని రాసేవాళ్ళున్నారు. "చనిపోయాడు" ఒకే క్రియ, "చని" అనేది విడిగా ఈ రోజు ఎవరూ వాడరు. "అని, అట, ఏమో, అయినా" లాంటి చిన్న మాటలు ముందు మాటను అంటిపెట్టుకుని ఉండేవి. "వచ్చాడని, ఉందట, వస్తాడేమో, రాజైనా" అని కలిపి రాస్తేనే కన్ను సాఫీగా సాగుతుంది. ఇక్కడ సంధి చేయకపోతేనే చదవడం కష్టం. తోకలాంటి మాట కలిసినా నష్టం లేదు, తల ఉన్న మాట కలిస్తేనే చిక్కు. "ఆమెకు ఇల్లు ఉంది" అనేదాన్ని "ఆమెకు ఇల్లుంది" అంటే బాగుంది. "ఆమెకిల్లుంది" అన్నామంటే ఇల్లు అనే మాట మునిగిపోయింది. ఊళ్ళ పేర్లు కూడా అంతే. కథలో ఒక పాత్ర "పాలకొల్లెళ్ళాడు" అంటే ఆ యాస కథకు ప్రాణం. వార్తలో మాత్రం "పాలకొల్లు వెళ్ళాడు" అనే ఉండాలి, ఆ ఊరు తెలియనివాళ్ళూ చదువుతారు కదా.

సమాసం పొదుపు అన్నాను, దానికీ ఒక హద్దుంది. "తలనొప్పి" అంటే తలలో నొప్పి, "దొంగభయం" అంటే దొంగ వల్ల భయం, "వంటగది" అంటే వంట కోసం గది. మూడింటిలో పోయిన సంబంధాలు మూడు రకాలు. అవేమిటో మనకు లోకజ్ఞానం వల్ల తెలుసు కాబట్టి రాయకపోయినా అర్థమవుతుంది. ఆ జ్ఞానం చదివేవాడికి లేనప్పుడు పొదుపు కాస్తా పొడుపుకథ అవుతుంది. "పాత పుస్తకాల దుకాణం" అన్నప్పుడు పాతవి పుస్తకాలా, దుకాణమా? హైదరాబాదు కోఠీ సంగతి తెలిసినవాడు పుస్తకాలే అంటాడు. మరొకరికి సందేహమే. "పాత పుస్తకాలు అమ్మే దుకాణం" అని ఒక్క మాట చేరిస్తే సందేహం తీరుతుంది.

ఖాళీలు ఇచ్చినంత మాత్రాన ఈ చిక్కు పోదు. "ఉపాధ్యాయ బదిలీల నిషేధ ఎత్తివేత ఉత్తర్వులు" అని రాస్తే మాటలన్నీ విడివిడిగానే ఉన్నాయి. బదిలీలు జరుగుతాయా, ఆగుతాయా అన్నది తేల్చుకోవాలంటే చివరి నుంచి వెనక్కి నడవాలి. "ఉపాధ్యాయ బదిలీలపై నిషేధం ఎత్తివేస్తూ ఉత్తర్వులు" అంటే ఒక్కసారి చదివితే చాలు. చేర్చినవి ఒక "పై", ఒక "స్తూ". నామవాచకాలు మూడు దాటి వరుసకట్టినప్పుడు నడుమ ఒక విభక్తినో, ఒక క్రియనో తిరిగి తేవడం మంచిదని నా అనుభవం.

ఫోన్లు, కంప్యూటర్లు వచ్చాక ఇంకో నష్టం చేరింది. ఒక పత్రంలో "అధికారి" అని వెతికితే "విద్యాశాఖాధికారి" ఉన్న చోటు దొరకదు. యంత్రం అక్షరాన్ని చూస్తుంది, అచ్చు అకారం వేరు, దీర్ఘం గుర్తు వేరు. "ధికారి" అని కొడితే దొరుకుతుంది, కానీ అలా వెతకాలని ఎంతమందికి తోస్తుంది? ఇరుకైన తెర మీద పొడుగు సమాసం పడితే అది మొత్తం కింది వరుసకు దిగిపోయి పై వరుసలో పెద్ద ఖాళీ మిగులుతుంది.

పద్యానికి ఈ మాటలేవీ వర్తించవు. పద్యంలో విసంధి దోషం, అక్కడ నడకే ప్రధానం. నా విన్నపం ఉత్తర్వులు, నోటీసులు, పాఠ్యపుస్తకాలు, ఆసుపత్రి బోర్డులు రాసేవారికి. సమాసం ధైర్యంగా వాడండి. అతికే చోట రెండో మాట మొదటి అచ్చు కనబడనివ్వండి. "విద్యాశాఖ అధికారి" అని రాస్తే పెరిగేది ఒక్క అక్షరం, ఒక్క ఖాళీ.